డౌటున్న బిట్టు: పెట్టాలా, వదిలేయాలా?



డిగ్రీ అయిన ఏడాది నేను రాసిన ఒక ఉద్యోగ పరీక్ష గురించి ముందు చెబుతాను. వంద బిట్లు, వంద మార్కులు, తప్పుకి మూడో వంతు మైనస్. నేను 73 పెట్టి 27 వదిలేశాను. "డౌటుంటే ముట్టుకోవద్దు, ఉన్నవి కూడా పోతాయి" అని హాస్టల్లో మాకంటే ముందు రాసినవాళ్లంతా చెప్పిన మాటే పాటించాను. ఫలితాలు వచ్చాక చూస్తే కటాఫ్‌కి నాలుగు మార్కులు తక్కువయ్యాయి.

ఆ రోజు సాయంత్రం హాస్టల్ వరండాలో కూర్చుని ఉంటే, మా సీనియర్ అన్న ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. నా క్వశ్చన్ పేపర్ తీసుకుని వదిలేసిన బిట్లు ఒక్కొక్కటే చూశాడు. చాలా వాటి మీద పెన్సిల్ గీతలు ఉన్నాయి. "తమ్ముడూ, ఈ గీతలేంటి?" అన్నాడు. "కావని తెలిసినవి కొట్టేశానన్నా" అన్నాను. "మరి ఈ చుక్క?" అన్నాడు. మిగిలిన వాటిలో ఇదే అయ్యుండొచ్చు అనిపించిన దాని పక్కన చుక్క పెట్టుకోవడం నాకు అలవాటు. చుక్క పెట్టాను గానీ, భయపడి ఓఎంఆర్ షీటులో దిద్దలేదు.

అన్న లెక్కపెట్టాడు. రెండు ఆప్షన్లు కొట్టేసి, రెంటి మధ్య ఆగిపోయిన బిట్లు 14. వాటిలో నా చుక్క కీతో కలిసినవి 9. తొమ్మిది ఒప్పులకి 9 మార్కులు, అయిదు తప్పులకి పోయేది 1.67. అంటే 7.33 మార్కులు పేపరు మీద చుక్కల రూపంలో ఉండిపోయాయి. నాకు కావలసింది నాలుగు.

తొమ్మిది కలవడం అదృష్టమే అనుకుందాం. సగమే, అంటే ఏడే కలిసి ఉంటే? ఏడు ఒప్పులకి 7, ఏడు తప్పులకి 2.33 పోతే 4.67. అప్పుడూ గట్టెక్కేవాణ్ణే. ఆరే కలిస్తే 3.33 వచ్చేది, ఫెయిలయ్యేవాణ్ణే. కాబట్టి పెడితే ఖాయంగా ఉద్యోగం వచ్చేదని నేను అనను. కానీ వదిలేసినందువల్ల ఆ అవకాశమే లేకుండా చేసుకున్నాను.

అదే పరీక్షలో మా రూమ్మేట్ ఒక్క బిట్టూ వదలలేదు. వాడికి తెలియనివి ముప్పై దాకా ఉంటే, హాలు వదిలే ముందు అన్నీ గుడ్డిగా దిద్దేశాడు. ఆరు తగిలాయి, ఇరవై నాలుగు పోయాయి. ఆరుకి 6 వచ్చి, ఇరవై నాలుగుకి 8 పోయి, చివరికి రెండు మార్కులు తగ్గాయి. ఒకడు భయంతో, ఇంకొకడు తెగింపుతో, ఇద్దరం ఒకే గుంతలో పడ్డాం. ఇద్దరికీ లేనిది లెక్క.

అందుకే నా అభిప్రాయం ఇది. "డౌటుంటే వదిలెయ్" అన్న మాటా, "ఏదో ఒకటి కొట్టెయ్" అన్న మాటా రెండూ మన హాస్టల్ గోడల మీద నుంచి చెరిపేయాలి. డౌటులన్నీ ఒక్కలాంటివి కావు. ఏ డౌటుకి పెట్టాలో, ఏ డౌటుకి వదలాలో చెప్పే లెక్క ఉంది. అది ఏడో తరగతి భిన్నాల లెక్కే.

పన్నెండు బిట్ల లెక్క

సంభావ్యత అనగానే భయపడొద్దు. పన్నెండు బిట్లు తీసుకోండి. ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. ఒప్పుకి ఒక మార్కు, తప్పుకి మూడో వంతు మైనస్.

అసలేమీ తెలియక గుడ్డిగా పెడితే, నాలుగింట ఒకటి చొప్పున సగటున 3 తగులుతాయి, 9 పోతాయి. వచ్చింది 3, పోయింది కూడా 3. మిగిలింది సున్న. మూడో వంతు అని పెట్టడంలో ఉద్దేశం ఇదే. గుడ్డిగా పెట్టినవాడికీ, వదిలేసినవాడికీ సగటున తేడా లేకుండా చేయడం. అంటే మైనస్ మార్కు మనల్ని శిక్షించడానికి పెట్టింది కాదు, గుడ్డిగా పెట్టినందుకు వచ్చే లాభాన్ని తీసేయడానికి పెట్టింది.

ఒక ఆప్షన్ కాదని తెలిసి కొట్టేశారనుకోండి. మూడు మిగిలాయి. పన్నెండింటిలో సగటున 4 ఒప్పు, 8 తప్పు. నాలుగులోంచి 2.67 పోతే 1.33 మిగులుతుంది. లాభం ఉంది గానీ చిన్నది.

రెండు కొట్టేశారనుకోండి. రెండే మిగిలాయి. 6 ఒప్పు, 6 తప్పు. ఆరులోంచి 2 పోతే 4 మిగులుతాయి. ఒకటి కొట్టేసినప్పటి కంటే మూడు రెట్లు. కాబట్టి రెండు కొట్టేసిన బిట్టునీ, ఒకటి కొట్టేసిన బిట్టునీ ఒకే "డౌటు" అన్న సంచిలో వేసి వదిలేయడం పెద్ద పొరపాటు.

పరీక్ష మారితే లెక్క మారుతుంది. దానికి గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే. తప్పయితే పోయేదాన్ని, ఒప్పయితే వచ్చేదాన్ని కలపండి. పోయేదాన్ని ఆ మొత్తంతో భాగించండి. మీ ఆన్సరు ఒప్పయ్యే అవకాశం ఆ భిన్నం కంటే ఎక్కువుంటే పెట్టాలి, తక్కువుంటే వదలాలి.

సివిల్స్ ప్రిలిమ్స్‌లో 2007 నుంచి మైనస్ ఉంది. జనరల్ స్టడీస్ మొదటి పేపరులో ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి అందులో మూడో వంతు పోతుంది. మూడు పాళ్లు వచ్చేచోట ఒక పాలు పోతుంది కనుక గీత నాలుగో వంతు దగ్గర, అంటే 25 శాతం దగ్గర ఉంటుంది. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షల్లోనూ మూడో వంతే. నీట్‌లో ఒప్పుకి 4 వస్తాయి, తప్పుకి 1 పోతుంది. ఒకటిని అయిదుతో భాగిస్తే గీత 20 శాతం దగ్గరికి దిగింది. అక్కడ నాలుగు ఆప్షన్లే కనుక ఒక్కటి కొట్టేసినా బాగా లాభం. పన్నెండు నీట్ బిట్లలో ఒక్కొక్కటి కొట్టేసి పెడితే సగటున నాలుగు ఒప్పుకి 16 వస్తాయి, ఎనిమిది తప్పుకి 8 పోతాయి. అదే అయిదు ఆప్షన్లు ఇచ్చి నాలుగో వంతు మైనస్ పెట్టే బ్యాంకు పరీక్షలో గుడ్డిగా పెడితే మళ్లీ సున్నకే వస్తుంది. ఎంసెట్ పోయి వచ్చిన ఈఏపీసెట్‌లో మైనసే లేదు. అక్కడ ఒక్క బిట్టు వదిలినా నష్టమే. అందుకే హాలులో పేపరు చేతికి రాగానే మొదట సూచనల పేజీలో ఈ రెండు అంకెలు చూడాలి. ఎంత వస్తుంది, ఎంత పోతుంది.

కొట్టేయడం ఎలా ఉంటుంది?

ఒక బిట్టు మీద చేసి చూద్దాం.

రాష్ట్రాల శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీలకు సీట్ల రిజర్వేషన్ కల్పించే రాజ్యాంగ అధికరణ ఏది? 1) 17 2) 46 3) 330 4) 332.

ఆన్సరు మీకు గుర్తు లేదు అనుకుందాం. కానీ 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసిందని మన హాస్టల్లో తెలియనివాళ్లు ఉండరు. మొదటిది పోయింది. 36 నుంచి 51 వరకు ఆదేశిక సూత్రాలని పాలిటీ పుస్తకం మొదట్లోనే చదివి ఉంటారు. 46 అందులోది. బలహీన వర్గాల విద్య, ఆర్థిక ప్రయోజనాలను ప్రభుత్వం చూడాలని చెబుతుంది తప్ప సీట్ల సంగతి అందులో ఉండదు. రెండోదీ పోయింది. మిగిలినవి 330, 332.

ఇక్కడ ఆగిపోయినా పెట్టవలసిందే. ఒప్పయ్యే అవకాశం సగం, మన గీత నాలుగో వంతు. కానీ ఇంకొక్క అడుగు వేయొచ్చు. మన రాజ్యాంగంలో ముందు కేంద్రం సంగతి చెప్పి, తర్వాత రాష్ట్రాల సంగతి చెప్పడం రివాజు. పార్లమెంటు 79వ అధికరణతో మొదలవుతుంది, రాష్ట్రాల శాసనసభలు 168తో మొదలవుతాయి. ఆ వరస ఇక్కడా ఉంటే, చిన్న అంకె లోక్‌సభది, పెద్ద అంకె రాష్ట్రాలది అయ్యుండాలి. 332 పెడతాం. అదే ఆన్సరు. 330 లోక్‌సభ సీట్లకి సంబంధించింది.

చూశారా, ఈ బిట్టుకి ఆన్సరు "తెలియదు". అయినా చదివిన మూడు ముక్కలు కలిసి ఆన్సరు దగ్గరికి తీసుకొచ్చాయి. దీన్ని "గెస్సింగ్" అని చులకనగా అనడం నాకు నచ్చదు. సగం తెలిసినవాడికి సగం మార్కు రావాలి. ఆబ్జెక్టివ్ పరీక్షలో సగం మార్కు వేయడానికి వీలు లేదు కనుక, ఇలా పది బిట్లలో అందులో కొంత సగటున వచ్చి చేరుతుంది. పిల్లలకి ఇది నేర్పితే జూదం నేర్పినట్టని ఒక మేస్టారు నాతో అన్నారు. గుడ్డిగా పెట్టడం వరకు ఆయన మాట ఒప్పుకుంటాను. కానీ 17వ అధికరణ ఏమిటో తెలియనివాడు దాన్ని కొట్టేయలేడు కదా.

రెండు వాక్యాలు ఇచ్చి "1 మాత్రమే, 2 మాత్రమే, రెండూ, రెండూ కాదు" అని అడిగే బిట్లలో ఇంకా సులువు. ఒకటో వాక్యం: తుంగభద్ర కృష్ణానదికి ఉపనది. రెండో వాక్యం: ఇంద్రావతి గోదావరికి ఉపనది. మీకు తుంగభద్ర సంగతి ఒక్కటే తెలుసు. అది నిజమైనప్పుడు "2 మాత్రమే", "రెండూ కాదు" ఒక్క దెబ్బకి పోయాయి. ఒకే ముక్కతో సగానికి వచ్చారు. (రెండోదీ నిజమే, ఆన్సరు "రెండూ".) అయితే ఇందులోనే ప్రమాదం కూడా ఉంది. ఆ ఒక్క ముక్కే మీరు తప్పుగా గుర్తుపెట్టుకుని ఉంటే, అసలు ఆన్సరు కొట్టేసిన రెంటిలోకి పోతుంది. మిగిలిన రెంటిలో ఏది పెట్టినా తప్పే.

కొట్టేసిన వాటిలోనే ఆన్సరు ఉంటే

ఇక్కడే మనవాళ్లు చాలామంది దెబ్బ తింటారు. పైన చెప్పిన లెక్కంతా ఒక నమ్మకం మీద నిలబడింది. మనం కొట్టేసినవి నిజంగా తప్పు ఆప్షన్లే అని.

ఈ బిట్టు చూడండి. రాజ్యాంగ సభ మొదటి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడు ఎవరు? 1) బాబూ రాజేంద్ర ప్రసాద్ 2) డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 3) సచ్చిదానంద సిన్హా 4) జవహర్‌లాల్ నెహ్రూ.

నేను మొదటిసారి దీన్ని చూసినప్పుడు మొట్టమొదట కొట్టేసింది సిన్హా పేరే. కారణం, ఆ పేరు ఎప్పుడూ వినలేదు. తర్వాత, బాబాసాహెబ్ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు కనుక ఆయన కాదని కొట్టేశాను. మిగిలిన రెంటిలో రాజేంద్ర ప్రసాద్ పెట్టాను. ఆన్సరు సచ్చిదానంద సిన్హా. 1946 డిసెంబరు 9న సభ మొదటిసారి కూడినప్పుడు వయసులో పెద్దవాడని ఆయన్ని కూర్చోబెట్టారు. రెండు రోజుల తర్వాత రాజేంద్ర ప్రసాద్ శాశ్వత అధ్యక్షుడయ్యారు.

నేను కొట్టేసిన రెంటిలో తేడా గమనించండి. అంబేద్కర్ పేరు కొట్టేయడానికి నా దగ్గర ఒక విషయం ఉంది. సిన్హా పేరు కొట్టేయడానికి నా దగ్గర ఏమీ లేదు. వినలేదు కనుక కాదు అనుకున్నాను. వినకపోవడం నా సంగతి, ఆ పేరుకి సంబంధించిన సంగతి కాదు. పేపరు తయారుచేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. వినని పేరు పక్కన బాగా విన్న పేరు పెడతారు. నేను చెప్పే నియమం ఇది: "ఇది ఎందుకు కాదు?" అని అడిగితే ఒక వాక్యంలో కారణం చెప్పగలగాలి. చెప్పగలిగితేనే గీత కొట్టండి. "ఎప్పుడూ వినలేదు", "చూడ్డానికి తేడాగా ఉంది" అన్నవి కారణాలు కావు.

దీన్ని మళ్లీ పన్నెండు బిట్ల లెక్కలో పెట్టి చూద్దాం. పన్నెండింటిలోనూ రెండేసి కొట్టేశారు. కానీ రెండు బిట్లలో అసలు ఆన్సరే కొట్టేశారు. అప్పుడు ఆట పదింటిలోనే. సగటున 5 ఒప్పు, 7 తప్పు, మిగిలేది 2.67. నాలుగు రావలసిన చోట తగ్గింది, కానీ లాభమే. ఆరు బిట్లలో ఆన్సరు కొట్టేశారనుకోండి. 3 ఒప్పు, 9 తప్పు, మిగిలేది సున్న. అంటే గుడ్డిగా పెట్టినట్టే. ఎనిమిదింటిలో కొట్టేస్తే 2 ఒప్పు, 10 తప్పు, 1.33 నష్టం. గుడ్డివాడి కంటే మనం హీనం. కొంచెం చదివి తప్పుగా గుర్తుపెట్టుకున్నవాడికి ఈ గతి పడుతుంది.

కాబట్టి "రెండు కొట్టేస్తే పెట్టు" అన్న సూత్రం పుస్తకంలో నిజం. మీ విషయంలో నిజమా కాదా అన్నది మీ గీతలు ఎంత నిజాయితీగా పడుతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అది తెలుసుకోవడానికి ఒకటే మార్గం, నోటుబుక్కు.

నా నోటుబుక్కు

ఆ పరీక్ష పోయాక అన్న నాకు ఒక అలవాటు చేశాడు. మోడల్ పేపరు రాసేటప్పుడు పెట్టిన ప్రతి బిట్టు పక్కన ఒక అంకె వేయాలి. ఖాయంగా తెలిస్తే 1. రెంటి మధ్య అయితే 2. మూటి మధ్య అయితే 3. ఏమీ తెలియకపోతే 4. మోడల్ పేపరులో ఏదీ వదలకూడదు, 4 వేసిన వాటికీ ఏదో ఒకటి పెట్టాలి. అంకె కీ చూడక ముందే వేయాలి. కీ చూశాక వేస్తే, కలిసిన వాటన్నిటికీ "ఇది నాకు తెలుసులే" అని మనసు అబద్ధం చెబుతుంది. రాయడం అయ్యాక ఏ అంకెకి ఎన్ని ఒప్పు, ఎన్ని తప్పు అని పట్టిక వేయాలి.

నాలుగైదు పేపర్లు రాశాక నా పట్టిక ఇలా తేలింది. 2 వేసినవి 60. అందులో 34 ఒప్పు, 26 తప్పు. ముప్పై నాలుగులోంచి 8.67 పోతే 25 మార్కులకి పైగా లాభం. పరీక్షలో నేను భయపడి వదిలేసినవి ఇవే. 3 వేసినవి 45. అందులో 10 ఒప్పు, 35 తప్పు. పదిలోంచి 11.67 పోతే 1.67 నష్టం. లెక్క ప్రకారం మూటి మధ్య పెడితే లాభం రావాలి కదా? నలభై అయిదులో పదిహేను కలవాలి. నాకు పదే కలిశాయి.

ఎందుకని సబ్జెక్టుల వారీగా విడదీశాను. 3 వేసిన వాటిలో పాలిటీ బిట్లు 15, ఒప్పులు 6. ఆరులోంచి 3 పోయి 3 లాభం. చరిత్ర బిట్లు 30, ఒప్పులు 4. నాలుగులోంచి 8.67 పోయి 4.67 నష్టం. రోగం చరిత్రలో ఉంది. ఆ ముప్పై బిట్లూ మళ్లీ తీసి చూస్తే, సగానికి పైగా వినని పేరునో, వినని ఊరునో కొట్టేసినవే. సిన్హా కథే మళ్లీ మళ్లీ.

అప్పుడు నాకు నేను రాసుకున్న నియమాలు మూడు. 2 అయితే ఏ సబ్జెక్టయినా పెట్టాలి. 3 అయితే చరిత్రలో వదలాలి. పాలిటీలో 3 అయితే పెట్టొచ్చు. ఈ మూడోది మాత్రం గట్టి నియమం కాదని పక్కన రాసుకున్నాను. పదిహేను బిట్లు చాలా తక్కువ. మూటి మధ్య ఊరికే పెట్టినా అందులో అయిదు కలుస్తాయి. ఆరు కలిస్తే నేనేదో గొప్పగా కొట్టేస్తున్నానని చెప్పలేం. కనీసం నలభై, యాభై బిట్లయినా చేరాకే ఏ అంకెనైనా నమ్మాలని నా అనుభవం.

ఇంకో తమ్ముడి పట్టిక దీనికి తలకిందులుగా ఉండొచ్చు. అందుకే ఈ నియమాలు కాపీ చేసుకోవద్దు, పద్ధతి తీసుకోండి.

"ఖాయం" కూడా ఖాయం కాదు

1 వేసిన వాటిని కూడా లెక్కపెట్టమని అన్న అన్నప్పుడు నవ్వొచ్చింది. తెలిసినవాటికి లెక్కెందుకు? కానీ పట్టిక వేస్తే అందులోనూ పదింట ఒకటి తప్పు తేలింది.

ఇది ఎంత పని చేస్తుందో సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరుతో చెబుతాను. దాన్నే సీశాట్ అంటారు. 80 బిట్లు, 200 మార్కులు, ఒక్కోదానికి 2.5. అందులో 33 శాతం, అంటే 66 వస్తే చాలు, క్వాలిఫై అయినట్టే. మన పిల్లలు అనుకునేది ఏమిటంటే, ముప్పై బిట్లు ఖాయంగా చేస్తే 75 వస్తాయి, తొమ్మిది మార్కులు ఎక్కువే ఉన్నాయి, ఇక చేతులు కట్టుకుని కూర్చోవచ్చు అని. ఆ ముప్పైలో పదింట ఒకటి చొప్పున మూడు తప్పయితే? ఇరవై ఏడుకి 67.5 వస్తాయి. మూడు తప్పులకి 2.5 పోతాయి. మిగిలింది 65. ఒక్క మార్కుతో ఏడాది పోయింది.

అదే మనిషి రెంటి మధ్య ఆగిన బిట్లు ఇంకో పది పెట్టి ఉంటే, సగం కలిసినా అయిదుకి 12.5 వచ్చి, అయిదు తప్పులకి 4.17 పోయి, 8.33 చేరేవి. 73 దాటేది. వదిలేస్తే క్షేమంగా ఉంటామన్నది భ్రమ. వదలడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఖరీదు ఉంటుంది. తప్పయితే పోయే మార్కు కళ్లకి కనిపిస్తుంది, వదిలేస్తే పోయే మార్కు కనిపించదు, అంతే తేడా.

ఇక 4 వేసిన వాటి సంగతి, అంటే పూర్తిగా గుడ్డివి. మూడో వంతు మైనస్ ఉన్నచోట సగటు సున్న అని చెప్పాను. సగటు సున్న అంటే ప్రతిసారీ సున్న అని కాదు. ఒక మార్కు చొప్పున ఇరవై బిట్లు గుడ్డిగా పెడితే, అయిదుసార్లలో నాలుగుసార్లు మూడు నుంచి ఏడు దాకా తగులుతాయి. మూడు తగిలితే 2.67 పోతుంది, ఏడు తగిలితే 2.67 వస్తుంది. కటాఫ్ ఖాయంగా దాటానని తెలిసినవాడికి ఈ ఊగిసలాట నష్టం. ఖాయంగా దాటలేదని తెలిసినవాడికి పోయేదేమీ లేదు. కానీ హాలులో కూర్చున్నవాడికి ఆ ఏటి కటాఫ్ ఎలా తెలుస్తుంది? అందుకే నేను 4 వేసినవి ముట్టుకోను. అన్నిటికీ "సి" పెడితే తగులుతాయన్న మాట మీరూ విని ఉంటారు. గుడ్డిగా పెట్టేటప్పుడు ఏ అక్షరమైనా ఒకటే.

హాలులో ఒక్క జాగ్రత్త. మొదటి రౌండులో 1 వేసినవి దిద్దండి. రెండో రౌండులో 2 వేసినవి, అదీ చివరి ఇరవై నిమిషాలకి ముందే అయిపోయేలా చూసుకోండి. నా నోటుబుక్కులో చివరి పది నిమిషాల్లో పెట్టిన 2లు మిగతా వాటికంటే బాగా తక్కువ కలిశాయి. కారణం చెప్పకుండా గీతలు కొట్టేది అప్పుడే. బెల్లు కొట్టాక చేతిలో మిగిలిన పెన్ను ఊరికే ఉండనివ్వండి.

మన హాస్టల్లో చేయవలసింది

ఆదివారం స్టడీ అవర్లో పాత పేపరు పెట్టి కీ చదివేస్తే చాలదు. ప్రతి బిట్టు పక్కన అంకె వేయించాలి. పేపర్లు దిద్దాక మైనస్‌తో మార్కులు వేయాలి. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ల పేర్లతో పాటు, ఎవరికి 2లు ఎన్ని కలిశాయి, 3లు ఎన్ని కలిశాయి అని కూడా బోర్డు మీద రాయాలి. ఒక్కోడి పట్టిక పక్కవాడు వేస్తే ఇంకా మంచిది, మనసు చెప్పే అబద్ధాలు తగ్గుతాయి. దీనికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు. పాత పేపర్ల జిరాక్సులు, ఒక నలభై పేజీల నోటుబుక్కు చాలు.

ఇంట్లో అమ్మానాన్నలు కూలికి పోయి పంపిన డబ్బుతో ఫీజు కట్టి, బస్సెక్కి వేరే ఊరు వెళ్లి రాసే పరీక్ష మనది. మళ్లీ ఏడాది చూద్దాంలే అనుకోవడం అందరికీ కుదరదు. అలాంటప్పుడు చదివిన దానికి రావలసిన మార్కులు కూడా భయంతో పేపరు మీదే వదిలి రావడం నాకు బాధగా ఉంటుంది.

నేను రెండో ప్రయత్నంలో గట్టెక్కాను. ఆ ఏడాది నేను ఎక్కువేం చదవలేదు. చుక్క పెట్టిన బిట్లలో ఏవి దిద్దాలో, ఏవి వదలాలో తెలుసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఎవరికైనా చూడాలని ఉంటే వార్షికోత్సవం రోజు తెస్తాను, అడగండి.

మీ పాత విద్యార్థి